ఐదు శాతం సరే, ఎంత మీద? అద్దె పెంపుపై ఓనర్‌కు రాసిన ఉత్తరం

2025 మార్చి 10న వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ ఇంతే: "ఏప్రిల్ నుంచి కిరాయి 22,000. మెయింటెనెన్స్ 2,000 ఎప్పటిలాగే." హైదరాబాద్‌లో ఓ పాత అపార్ట్‌మెంట్‌లో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు అది. అప్పటిదాకా అద్దె 18,900. అగ్రిమెంటులో పెంపు ఐదు శాతమని రాసుకున్నాం. 18,900 కాస్తా 22,000 అయితే పెరిగింది 3,100, అంటే పదహారు శాతం పైమాటే.

ఇలాంటి మెసేజ్ రాగానే చెయ్యి ఫోను మీదికి పోతుంది. నేను ఫోన్ చేయలేదు. "ఇంత పెంచారేంటండీ" అని మనం మొదలుపెడితే, "ఎదురు ఫ్లాటు 24,000కి పోయింది, తెలుసా" అని అటునుంచి వస్తుంది. మాట మార్కెట్ రేటు మీదికి మళ్ళిందంటే ఇక అద్దెకున్నవాడి పని అయిపోయినట్టే, ఎందుకంటే ఎదురు ఫ్లాటు నిజంగానే 24,000కి పోయి ఉండొచ్చు. మార్కెట్ ఎలా ఉన్నా మనకు సంబంధం లేకుండా ఉండాలనే కదా శాతం రాసుకునేది. అలాగని "సరేనండీ" అనో, ఓ బొటనవేలు బొమ్మో పంపడం అంతకంటే ప్రమాదం. రేపు అదే ఒప్పుకున్నట్టు రుజువవుతుంది. "మెసేజ్ చూశానండీ, అగ్రిమెంటు ఒకసారి చూసుకుని రెండు మూడు రోజుల్లో రాస్తాను" అని జవాబు పెట్టి, కాగితాలు బయటికి తీశాను.

అగ్రిమెంటులో ముందు చూడాల్సింది శాతం అంకె కాదు, దాని చుట్టూ ఉన్న మాటలు. "ఐదు శాతం పెరుగును" అని ఉంటే ఒక అర్థం, "కనీసం ఐదు శాతం" అని ఉంటే ఇంకో అర్థం. ఆ "కనీసం" ఒక్కటి ఉంటే పదహారు శాతం అడిగినా అగ్రిమెంటు తప్పినట్టు కాదు, ఉత్తరం రాయడానికి ఆధారమే పోతుంది. "ఐదు శాతం లేదా మార్కెట్ రేటు, ఏది ఎక్కువైతే అది" అని రాసినవీ ఉంటాయి. మా అగ్రిమెంటు 4వ క్లాజులో, గడువు పొడిగించిన ప్రతిసారీ అప్పటికి చెల్లిస్తున్న నెల అద్దె మీద ఐదు శాతం పెరుగుతుందని ఉంది. "కనీసం" లేదు. "అప్పటికి చెల్లిస్తున్న" అన్న మాట వల్ల శాతాన్ని మొదటి 18,000 మీద కాకుండా చివర కట్టిన 18,900 మీద వేయాలి. మొదటి అద్దె మీద వేస్తే 19,800 వస్తుంది, చివరి అద్దె మీద వేస్తే 19,845. నలభై ఐదు రూపాయలే తేడా అయినా, మనకు లాభమని తప్పు లెక్క పట్టుకుంటే మిగతా ఉత్తరం మీద కూడా నమ్మకం పోతుంది.

తర్వాత చూడాల్సింది మెయింటెనెన్స్. "నెలకు 20,000, మెయింటెనెన్స్‌తో కలిపి" అని రాసి ఉంటే శాతం మొత్తం మీద పడుతుంది. విడిగా రాసి ఉంటే అద్దె మీదే. మా 3వ క్లాజులో అద్దె 18,000, మెయింటెనెన్స్ 2,000 వేర్వేరుగా ఉన్నాయి. ఇక పార్టీల పేర్లు. మాతో మాట్లాడేదీ, మెసేజ్‌లు పెట్టేదీ ఓనర్ గారే అయినా ఫ్లాటు ఆయన భార్య పేరు మీద ఉంది, మొదటి పార్టీగా సంతకం చేసింది ఆవిడే. ఉత్తరం ఆవిడ పేరుతోనే వెళ్ళాలి.

ఇప్పుడు తేదీలు. మొదటి అగ్రిమెంటు 2023 జూన్ 1 నుంచి పదకొండు నెలలు, అంటే 2024 ఏప్రిల్ 30 దాకా. ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఊరంతా పదకొండు నెలలకే రాసుకుంటుంది. 2024 మేలో కొత్త కాగితం ఎవరూ రాయలేదు. "ఐదు శాతం కలిపి వేస్తున్నానండీ" అని మెసేజ్ పెట్టి 18,900 పంపడం మొదలుపెట్టాను, ఆయన కాదనలేదు. పైకి ఇది బలహీనత. గడువు తీరాక కూడా అద్దెకున్నవాళ్ళు ఉండిపోయి, ఓనర్ అద్దె తీసుకుంటూ ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం ఇలాంటి ఇంటి అద్దె నెలనెలా సాగే అద్దె కిందికి వస్తుంది. కానీ మరో వైపు నుంచి చూస్తే బలం కూడా ఇదే: మొదటి పొడిగింపులో రెండు పక్షాలూ ఐదు శాతం క్లాజునే పాటించాయని బ్యాంకు స్టేట్‌మెంటులో పదకొండు నెలల పాటు నమోదై ఉంది.

ఒక పరిమితి మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఆ క్లాజు నాకు ఇల్లు ఎప్పటికీ ఇస్తానని చెప్పదు, పొడిగిస్తే ఎంతకు పొడిగించాలో చెబుతుంది. ఓనర్ "నాకు పొడిగించే ఉద్దేశం లేదు, ఖాళీ చేయండి" అనవచ్చు. నెలనెలా సాగే అద్దెకు అదే చట్టం 106వ సెక్షన్ పెట్టిన నోటీసు గడువు పదిహేను రోజులే. మా అగ్రిమెంటులో రెండు నెలలని రాసుకోవడం నయమైంది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా అంటారు. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దెలకు అది వర్తించదు, కాబట్టి ఈ రోజుల్లో ఫ్లాట్లకు దాంతో పని లేదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం పేరు కొందరు ఉత్తరంలో ఉటంకిస్తారు. అది పేరుకు తగ్గట్టు నమూనాయే, రాష్ట్రం తన చట్టం చేసుకుంటే తప్ప దాని ప్రకారం ఎవరినీ నిలదీయలేం. అందుకే నా ఉత్తరంలో సెక్షన్ అనే మాటే లేదు. చట్టం మనకు ఇచ్చేది ఇంత తక్కువైనప్పుడు, దాన్ని ఎత్తి చూపిస్తే ఎదుటివాళ్ళు వకీలు దగ్గరికి వెళ్ళి మన బలం ఎంతో తెలుసుకోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఇవన్నీ చూశాక కూడా ఒక్కటి తేలలేదు. 22,000 అనే అంకె ఎక్కడిది? పూర్తిగా మార్కెట్ చూసి అడిగితే 24,000 అనేవారు. 18,900 మీద పది శాతం వేస్తే 20,790, పదిహేను శాతం వేస్తే 21,735. ఏదీ కుదరలేదు. అప్పుడు నా బ్యాంకు స్టేట్‌మెంటు చూస్తే విషయం బోధపడింది. నేను అద్దె, మెయింటెనెన్స్ కలిపి నెలనెలా 20,900 ఒకేసారి పంపుతున్నాను. ఆయనకు పాస్‌బుక్‌లో కనిపించేది 20,900. దాని మీద ఐదు శాతం 1,045. మొత్తం 21,945, దాన్ని సరిచేస్తే 22,000! ఆయన కూడా ఐదు శాతమే వేశారు. కాకపోతే మెయింటెనెన్స్ కలిసిపోయిన మొత్తం మీద వేసి, పైన మళ్ళీ మెయింటెనెన్స్ అడిగారు. అంటే 2,000 రెండుసార్లు లెక్కలోకి వచ్చింది.

ఇది తెలియడంతో ఉత్తరం తీరే మారింది. దురాశ అనుకుని రాసే ఉత్తరం వేరు, కూడికలో పొరపాటని తెలిసి రాసేది వేరు. రాసేముందు ఎదుటివాళ్ళ అంకె ఎలా వచ్చిందో వెనక్కి లెక్క కట్టి చూడాలి. మెయింటెనెన్స్ కలపడం, పదకొండు నెలలకు బదులు రెండేళ్ళ పెంపు ఒకేసారి వేయడం, పోయినసారి పెంచని శాతాన్ని ఇప్పుడు కలపడం, మామూలుగా ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉంటుంది. ఏదీ కుదరకపోతేనే అది నిజంగా శాతానికి మించి అడిగిన అంకె.

మార్చి 13న పంపిన ఉత్తరం ఇది. పేర్లు, ఫ్లాటు నంబరు తీసేశాను.

తేదీ: 13-03-2025

శ్రీమతి ........ గారికి,

విషయం: ఫ్లాట్ నం. ....., 01-04-2025 నుంచి అద్దె పెంపు లెక్క గురించి.

నమస్కారమమ్మా. 01-06-2023 నాటి అగ్రిమెంటు ప్రకారం మీ ఫ్లాటులో అద్దెకు ఉంటున్నాను. ఏప్రిల్ 1 నుంచి అద్దె 22,000 రూపాయలు, మెయింటెనెన్స్ 2,000 రూపాయలు విడిగా అని మీవారు ఈ నెల 10న వాట్సాప్‌లో తెలిపారు.

అగ్రిమెంటు 4వ క్లాజు ప్రకారం, గడువు పొడిగించిన ప్రతిసారీ అప్పటికి చెల్లిస్తున్న అద్దె మీద 5 శాతం పెరగాలి. 3వ క్లాజులో అద్దె, మెయింటెనెన్స్ వేర్వేరుగా రాసుకున్నాం. ఆ ప్రకారం 2023 జూన్ నుంచి 2024 ఏప్రిల్ దాకా అద్దె 18,000. 2024 మే నుంచి 2025 మార్చి దాకా 18,900. ఈ ఏప్రిల్ నుంచి 18,900 మీద 5 శాతం, అంటే 945 కలిపి 19,845 అవుతోంది.

22,000 ఏ మొత్తం మీద లెక్క వేశారో దయచేసి తెలియజేయగలరు. నేను ప్రతి నెలా అద్దె, మెయింటెనెన్స్ కలిపి 20,900 ఒకేసారి పంపుతున్నాను కాబట్టి ఆ మొత్తం మీద వేసి ఉంటారని అనుకుంటున్నాను. నా లెక్కలో పొరపాటుంటే చెప్పండి, సరిచేసుకుంటాను.

మీ జవాబు అందేవరకు ఏప్రిల్ అద్దె 19,845, మెయింటెనెన్స్ 2,000 విడివిడిగా 5వ తేదీలోగా మీ ఖాతాలో వేస్తాను. మార్చి 25లోగా తెలియజేస్తే నెలాఖరుకు కొత్త అగ్రిమెంటు రాసుకోవచ్చు.

జతచేసినవి: అగ్రిమెంటులో 3, 4 క్లాజులున్న పేజీ జిరాక్స్, 2024 మే నెల బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ, మార్చి 10 నాటి మెసేజ్ ప్రింటు.

ఇట్లు, (సంతకం)

ఇంతే, ఒక పేజీ. ఇందులో లేనివి ఏంటో కూడా చూడండి. బాత్‌రూంలో కారుతున్న కుళాయి లేదు, లిఫ్టు ఆగిపోయిన సంగతి లేదు, "ఎప్పుడూ టైముకే కట్టాను" అన్న మాట లేదు. అవన్నీ నిజమే అయినా, ఒక్కో ఫిర్యాదూ జవాబు చెప్పడానికి ఎదుటివాళ్ళకు ఇంకో దారి ఇస్తుంది, అసలు ప్రశ్న అడుగున పడుతుంది. "22,000 ఒప్పుకోను" అని కూడా రాయలేదు. నేనేం కడతానో, ఏ రోజు కడతానో రాశాను. రెండింటి అర్థం ఒకటే అయినా, చదివేవాళ్ళ చెవికి ఒకలా వినపడవు.

మా అగ్రిమెంటు, అందరివీ ఉన్నట్టే, ఇంగ్లీషులో ఉంది. ఆవిడ తెలుగే చదువుతారు కాబట్టి ఉత్తరం తెలుగులో రాసి, క్లాజు ఉన్న పేజీ జిరాక్సు జతచేశాను. క్లాజును మన మాటల్లో చెప్పి వదిలేస్తే "అలా లేదు" అనడానికి వీలుంటుంది.

పంపడం రెండు దారుల్లో. ముందు ఆయన వాట్సాప్‌కు పీడీఎఫ్, అదే రోజు ఆవిడ పేరున అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ పోస్టు. ముందు చెప్పకుండా పోస్టు వెళితే ఇంటికి నోటీసు వచ్చినట్టు కంగారు పడతారు. అందుకే "కాగితం మీద ఉంటే ఇద్దరికీ మంచిదని పోస్టులో కూడా పంపుతున్నానండీ" అని ఒక ముక్క రాశాను. 2025లోనే ఆ తర్వాత రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, ఇప్పుడు పంపేవాళ్ళు స్పీడ్ పోస్టులోనే అందినట్టు రుజువు కావాలని కౌంటర్‌లో అడగాలి. రసీదును, డెలివరీ అయినట్టు చూపించే ట్రాకింగ్ పేజీని ఆ రోజే ఫొటో తీసి పెట్టుకోవాలి.

అసలు తప్పులు జరిగేది ఈ ఉత్తరానికీ జవాబుకీ మధ్య రోజుల్లో. గొడవెందుకని ఒక్క నెలకు 22,000 కట్టేస్తే, "అప్పటికి చెల్లిస్తున్న అద్దె" ఇక 22,000. క్లాజు మన మీదికే తిరుగుతుంది, వచ్చే ఏడాది పెంపు శాతం కూడా దాని మీదే పడుతుంది. కోపంతో అద్దె ఆపేస్తే ఇంకా కష్టం. అప్పటిదాకా అగ్రిమెంటు దాటింది ఓనరైతే, ఆ రోజు నుంచి బాకీదారు మనం. "అడ్వాన్సులో పట్టుకోండి" అన్నా అంతే, ఎందుకంటే అడ్వాన్సు ఖాళీ చేసే రోజు లెక్క తేల్చుకోవడానికని అగ్రిమెంటులో ఉంటుంది, నెల అద్దెకు కాదు. ఒప్పుకున్న పెంపుతో, ఒప్పుకున్న తేదీకి, బ్యాంకు ద్వారా కట్టడం ఒక్కటే సురక్షితం. అద్దె ఒక ట్రాన్స్‌ఫర్, మెయింటెనెన్స్ ఇంకోటి, రిమార్క్స్‌లో `RENT APR 2025`, `MAINT APR 2025`. మొదటి నుంచీ ఇలా పంపి ఉంటే ఈ ఉత్తరమే అవసరమయ్యేది కాదు. ఓనర్ డబ్బు వెనక్కి పంపితే ఆ ఎంట్రీ దాచుకుని, అదే మొత్తానికి చెక్కు రాసి కవరింగ్ లెటర్‌తో పోస్టు చేయాలి. కట్టడానికి సిద్ధంగా ఉన్నామని అది చెబుతుంది.

ఉత్తరంలో రాయకపోయినా, మాట్లాడాల్సి వస్తే చేతిలో ఉండాలని ఇంకో లెక్క వేసుకున్నాను. 22,000కీ 19,845కీ తేడా 2,155. పదకొండు నెలలకు 23,705. నేను ఖాళీ చేసి ఫ్లాటు ఒక్క నెల తాళం వేసి ఉంటే ఆయనకు పోయేది ఆ నెల అద్దె 19,845, పైగా అసోసియేషన్‌కు మెయింటెనెన్స్ 2,000 చేతి నుంచి. మొత్తం 21,845. అంటే ఒక్క నెల ఖాళీ ఉంటే పెంచి సంపాదించేది దాదాపు అంతా దాంట్లోనే పోతుంది. రెండో నెల కూడా టులెట్ బోర్డు వేలాడితే నష్టమే. నా వైపు కూడా లెక్క ఉంది: మారితే సామాను బండి, కొత్త ఇంటికి బ్రోకర్ కమిషన్, ఇక్కడ పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో కోత. ఇద్దరికీ కదలకపోవడమే చవక అని తెలిస్తే గొంతు పెంచాల్సిన పని ఉండదు.

జవాబు 17న ఫోన్లో వచ్చింది. "పాస్‌బుక్‌ల 20,900 పడుతున్నది కదా, దాని మీదనే ఏసిన. మెయింటెనెన్స్ అండ్ల కలిసిందని యాది లేకుండె," అన్నారు. ఆ వెంటనే, "19,845 ఏం లెక్క, 20,000 చేసెయ్‌రాదు" అన్నారు. నెలకు 155 ఎక్కువ, పదకొండు నెలలకు 1,705. అది ఇవ్వొచ్చు, కానీ ఊరికే ఇస్తే వచ్చేసారి ఐదు శాతం 20,000 మీద పడుతుంది. 19,845 మీద అయితే 20,837 అయ్యేది, ఇప్పుడు 21,000 అవుతుంది. ఆ సంగతి చెప్పి, "అయితే మెయింటెనెన్స్ ఈ పదకొండు నెలలూ 2,000 దాటకూడదు, అడ్వాన్సు పెంచకూడదు" అన్నాను. అడ్వాన్సు మొదటి అద్దెకు రెండు నెలల లెక్కన 36,000 ఉంది. కొత్త అద్దెకు సరిపెట్టాలంటే ఇంకో 4,000 అడుగుతారు, అది చాలామంది ముందు ఆలోచించరు. ఆయన సరేనన్నారు. ఫోన్ పెట్టేశాక ఇవే నాలుగు ముక్కలు వాట్సాప్‌లో రాసి, "ఇలా అనుకున్నాం కదండీ" అని పంపాను. "అవును" అని వచ్చింది. నోటిమాట కాగితమయ్యే దాకా ఆ "అవును" చాలా ముఖ్యం.

కొత్త అగ్రిమెంటు టైపు చేయించింది వాళ్ళే. స్టాంపు పేపరు మీద ప్రింటు తీయకముందే డ్రాఫ్టు పంపమన్నాను. చూస్తే పెంపు క్లాజులో ఐదు శాతానికి ముందు "కనీసం" వచ్చి కూర్చుంది. ఓనర్ పెట్టించింది కాదు, టైపు చేసే అతని కంప్యూటర్‌లో ఉన్న పాత నమూనా అది. ఆ మాట తీయించి, ఆ క్లాజును ఇలా మార్పించాం: "గడువు పొడిగించినచో, మెయింటెనెన్స్ మినహా, అప్పటి నెల అద్దె 20,000 రూపాయలపై ఐదు శాతం మాత్రమే పెంచవలెను. పెంపును ఒక నెల ముందు రాతపూర్వకంగా తెలియజేయవలెను."